విల్లు విరిచే సలహాలు

నేను చెక్కిన మొదటి బద్ద విల్లే కాలేదు. వంచితే వంగినట్టే ఉండిపోయింది. రెండోది మూడోసారి లాగగానే విరిగింది. మూడోది ఒకచోట మోచేయిలా మడతపడింది. ఈ మూడింటికీ నేను పడ్డ కష్టం తక్కువేమీ కాదు. ఎవరేం చెబితే అది విన్నాను, అదే కొంప ముంచింది. చెప్పినవాళ్లంతా నా మేలు కోరినవాళ్లే. ఒక్కొక్క సలహా వినడానికి ఎంతో సబబుగా ఉండేది. ఇప్పటికీ మా ఊళ్లో కత్తి పట్టిన కుర్రాడికి అవే మాటలు చెబుతున్నారు. అందుకే వాటిని గుర్తున్న వరుసలో రాస్తున్నాను.

మా ఊరు భద్రాచలం నుంచి చర్ల పోయే దారిలో, దుమ్ముగూడెం దాటాక లోపలికి ఉంటుంది. అప్పుడు అది ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి, అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరమైంది గానీ కోయ ఇళ్లలో చూరు కింద విల్లు మాత్రం పోలేదు. భూమి పండుగకు అది కిందికి దిగాల్సిందే. మా వైపు విల్లుకు కర్రా వెదురే, తాడూ వెదురే. మా అమ్మ వాళ్ల నాన్న విళ్లు చెక్కేవాడు. పదిహేనో ఏట పరీక్షలు రాసి ఖాళీగా తిరుగుతుంటే నన్ను తన అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడేవాళ్లు చుట్టుపక్కల చాలామందే ఉండేవారు.

"పచ్చిదైతే కత్తికి లొంగుతది, ఇయ్యాలే మొదలుపెట్టు"

ఇది మా బావ మాట. ఆ పూటే పొదలోకి తీసుకెళ్లి, అన్నిటికంటే నిగనిగలాడుతూ నిటారుగా ఉన్న బొంగును చూపించి నరికించాడు. పచ్చి వెదురు నిజంగానే వెన్నలా తెగుతుంది. సాయంత్రానికల్లా విల్లు ఆకారం వచ్చేసింది. తాడు కట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున విప్పితే బద్ద నిటారుగా రాలేదు, కొడవలిలా వంగే ఉంది. తాత దాన్ని చేతిలోకి తీసుకుని కణుపు దగ్గర గోటితో గీరాడు. గోటికి తెల్లని పొడి అంటుకుంది. "ఇది ఇంకా పసిపిల్లరా," అని పొయ్యి పక్కన పెట్టేశాడు.

వెదురు ఒక్క వానాకాలంలోనే పూర్తి ఎత్తు పెరిగిపోతుంది. ఆ తర్వాత అది లావెక్కదు, పొడుగవదు, లోపల గట్టిపడుతుందంతే. కాబట్టి ఎత్తూ లావూ చూసి వయసు చెప్పలేం. మొదటి ఏడాది బొంగుకు కణుపుల దగ్గర పొర ఆకులు ఇంకా అతుక్కుని ఉంటాయి, తెల్లని బూడిద లాంటి పొడి ఉంటుంది, రంగు ముదురు పచ్చగా మెరుస్తుంది. మూడు నాలుగేళ్ల దానికి ఆ పొరలు రాలిపోయి ఉంటాయి. మెరుపు తగ్గి పసుపు తిరుగుతుంది, ఒంటి మీద అక్కడక్కడ బూజు మచ్చలు పడతాయి. కత్తి వెనకవైపుతో కొడితే లేతది మెత్తగా 'దబ్' అంటుంది, ముదిరింది 'ఠంగ్' అంటుంది. చూడ్డానికి అందంగా లేని బొంగే విల్లుకు పనికొచ్చేది. మా అడవిలో పెరిగేది సాధనం వెదురు, లోపలి బోలు చాలా చిన్నదిగా, గోడ మందంగా ఉంటుంది. విల్లుకు ఆ మందమే కావాలి.

నరికాక ఎండబెట్టడం ఇంకో సంగతి. తాత వానలు వెనకపట్టాక, చలి దిగుతున్నప్పుడు నరికి, నాలుగుగా చీల్చి, పొయ్యి మీది అటకపై పెట్టేవాడు. మూడు నెలల పాటు దానికి పొగ తగలాలి. ఎండాకాలంలో నరికిన బొంగులో పిండిపదార్థం ఎక్కువ, దానికోసం పుచ్చు పురుగు వస్తుంది. అటక కింద నేల మీద పసుపుపచ్చని మెత్తటి పిండి రాలి కనిపించిందంటే ఆ బద్ద మీద ఆశ వదులుకోవాల్సిందే. పైన సూదిమొన అంత బెజ్జం తప్ప ఏమీ కనబడదు గానీ లోపలంతా సొరంగాలే.

చీల్చడంలో కూడా చూసుకోవాల్సింది ఒకటుంది. వెదురుకు కొమ్మలు కణుపు కణుపుకూ పక్క మారుతూ వస్తాయి, ఒక కణుపుకు ఇటు, పై కణుపుకు అటు. ఆ కొమ్మ మచ్చలు ఎదురెదురుగా ఉన్న రెండు బద్దల్లోకి పోయేట్టు కత్తి పెడితే, మిగిలిన రెండు బద్దలు మచ్చ లేకుండా వస్తాయి. ఆ రెండే విల్లుకు, మిగతా రెండూ తడికకు.

"పైతోలు గీకి నున్నగా చెయ్యి, అప్పుడే అందం"

నా చేత ఎక్కువ నష్టం చేయించిన సలహా ఇదే. చెప్పినాయన జాతరల్లో అమ్మే బొమ్మ విళ్లు చేసేవాడు. వెదురు తోలు మైనం పూసినట్టు జారుడుగా ఉంటుంది, దాని మీద రంగు నిలవదు. అందుకని ఆయన గాజు పెంకుతో తోలంతా గీకి, కణుపుల ఉబ్బులు చదును చేసి, ఎర్రరంగు, పచ్చరంగు వేసేవాడు. పిల్లలు పుల్లబాణం వేసుకునే విల్లుకు అది చాలు. ఆయన పనికి ఆయన సలహా సరైనదే. దాన్ని నేను నిజం విల్లుకు పట్టుకొచ్చాను.

అటక మీది ఎండిన బద్ద తాత ఇచ్చాడు. అయిదడుగుల పొడుగు. ఆయన సంతకు వెళ్లిన రోజున నేను గాజు పెంకు తీసుకుని గురివైపు ముఖమంతా గీకి పారేశాను. కణుపులు చేతికి తగలకుండా చదునైపోయాయి. చూస్తే పూజలో పెట్టేంత ముచ్చటగా ఉంది. తాడు కట్టి మొదటిసారి లాగాను, వంగింది. రెండోసారి ఇంకొంచెం. మూడోసారి చెవి దాకా తెద్దామనుకునేసరికి చెవి పక్కన చెట్టుకొమ్మ విరిగినంత చప్పుడైంది. పై సగం ఎగిరి చూరుకు తగిలింది.

తాత తిరిగొచ్చాక నన్ను తిట్టలేదు. విరిగిన ముక్కను పదునైన కత్తితో అడ్డంగా కోసి, కోసిన చోట ఉమ్ము రాసి, వెలుగు వైపు తిప్పి నా చేతికిచ్చాడు. "చుక్కలు లెక్కపెట్టు," అన్నాడు.

అంతకుముందు వెదురు కొస వైపు అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. లేతరంగు మెత్తటి పదార్థంలో గోధుమరంగు చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో నారకట్ట కొస. బోలు వైపు అవి పెద్దవిగా, దూరం దూరంగా, గింజలు జల్లినట్టు ఉన్నాయి. బయటికి వచ్చే కొద్దీ చిన్నవై దగ్గరపడ్డాయి. తోలు పక్కన లెక్కపెట్టడం నా వల్ల కాలేదు, అన్నీ కలిసి ఒకే నల్లటి గీతలా కనిపించాయి.

"నువ్వు గీకింది ఏందో ఎరికైందా?"

నేను మాట్లాడలేదు. నేను గీకింది ఆ గీతనే.

విల్లు లాగినప్పుడు గురివైపు ముఖం సాగుతుంది, మనవైపు ముఖం నలుగుతుంది. సాగేవైపున బలం ఉండాలి. వెదురులో ఆ బలం గోడ మందమంతా సమానంగా పరిచి లేదు, తోలు కింద ఒక పలుచని పట్టీలో కూర్చుంది. నేను గీకింది మందంలో ఎంతో లేదు, రెండు మూడు కాగితాలంత. పోయిన బలం మాత్రం దానికి ఎన్నో రెట్లు. కణుపుల దగ్గర మరీ దారుణం. కణుపు దగ్గర నార తిన్నగా పోదు, ఉబ్బును అనుసరించి పైకి లేచి మళ్లీ దిగుతుంది. ఉబ్బును చదును చేస్తే లేచిన నార అంతా తెగుతుంది. తెగిన ప్రతి కొసా ఒక పెచ్చు లేవడానికి సిద్ధంగా ఉంటుంది. నా విల్లు విరిగింది కూడా సరిగ్గా చదును చేసిన కణుపు మీదనే. పొడుగాటి పెచ్చులు సూదుల్లా పైకి లేచి ఉన్నాయి.

తర్వాతెప్పుడో తెలిసింది, ఇంగ్లండులో యూ అనే చెట్టుతో విళ్లు చేసేవాళ్లు కూడా బెరడు కింది తెల్లచెక్కను గురివైపు ఉంచి, ఒకే వలయాన్ని పొడుగునా తెగకుండా కాపాడేవారట. జపాను పెద్ద విల్లుకు మధ్యలో చెక్క, రెండు ముఖాలా వెదురు తోలే. అది తెలిశాక ఆ రోజు ఉమ్ము రాసిన ముక్కే గుర్తొచ్చింది.

కాబట్టి తోలును ముట్టుకోకూడదు. కత్తికి పనంతా మనవైపు ముఖం మీద, పక్కల మీద. గురివైపు చేయదగ్గది తడిగుడ్డతో మసి తుడవడం ఒక్కటే.

"కత్తిని ఒక్క ఊపున చివరిదాకా లాగు, గీతలు పడవు"

బల్లలు చేసే వడ్రంగి చెప్పాడు. చిత్రిక పట్టేవాడికి అది నిజమే. వెదురు బద్ద లోపలి ముఖాన అలా లాగితే ఏమవుతుందంటే, కణుపు దాకా కత్తి హాయిగా పోతుంది. కణుపు దాటగానే చటుక్కున లోపలికి దిగబడుతుంది. ఆపేలోగా వేలెడంత పేడు లేచిపోతుంది. నాకు రెండుసార్లు ఇలాగే పేడు లేచింది. కత్తి మొద్దుబారిందేమో అనుకుని నూరుకుంటూ కూర్చున్నాను.

"కత్తి మీద కోపమెందుకు, నార ఎటు పోతుందో చూడు," అన్నాడు తాత. బద్దను అరుగు అంచున ఏటవాలు ఎండలో పెట్టించాడు. మనవైపు ముఖం మీద గోధుమరంగు సన్నగీతలు కనిపించాయి, అవే నారలు. కణుపుకూ కణుపుకూ మధ్య అవి దారం పరిచినట్టు తిన్నగా ఉన్నాయి. కణుపు దగ్గరికి వచ్చేసరికి బోలును మూసే అడ్డపొర వైపు, అంటే నా వైపు, వంపు తిరిగి లేచాయి. దాటాక మళ్లీ తోలు వైపు దిగిపోయాయి.

కణుపు వైపు పోయేటప్పుడు నార పైకి లేస్తోంది కాబట్టి కత్తి కూడా దానితోపాటు పైకి తేలుతుంది, చెక్కుడు గాల్లోకి వచ్చేస్తుంది. దాటాక నార కిందికి దిగుతుంది, కత్తి దాని వెంటే లోపలికి పోతుంది. కాబట్టి కింది నుంచి కణుపు దాకా వచ్చి ఆగాలి. బద్దను తిప్పి పట్టుకుని, అవతలి నుంచి మళ్లీ కణుపు దాకా రావాలి. కణుపును కత్తితో దాటకూడదు. దాని మీద మిగిలిన చిన్న మిట్టను గాజు పెంకుతో నెమ్మదిగా గీకాలి, అది కూడా పూర్తిగా చదును చేయకుండా కాస్త మందంగానే వదలాలి.

చెక్కుడు చూస్తే కూడా తెలుస్తుంది. నార వెంట పోతున్నప్పుడు అది పొడుగ్గా, చుట్ట తిరిగి వస్తుంది, చప్పుడు పట్టు చీర మడత విప్పినట్టు ఉంటుంది. ఎదురు పోతున్నప్పుడు ముక్కలు ముక్కలుగా రాలి 'టక్ టక్' అంటుంది. వారం తిరిగేసరికి తాత నా వైపు చూడకుండా, తాడు పేనుకుంటూనే, "ఎదురు పోతున్నవ్," అనేవాడు.

పక్క అంచుల మీద ఇంకో జాగ్రత్త ఉంది. బద్ద అంచును కత్తితో తిన్నగా కోస్తే చూడ్డానికి బాగుంటుంది. నార గీత మాత్రం ఒక్కోచోట కాస్త పక్కకు జరిగి ఉంటుంది. మనం తిన్నగా కోస్తే ఆ గీత అంచులో తెగుతుంది, అక్కడి నుంచే పెచ్చు లేస్తుంది. అంచు కాస్త వంకరగా ఉన్నా సరే, గీత వెంటే పోవాలి. మా తాత విళ్లలో ఏ ఒక్కటీ గీత గీసినట్టు తిన్నగా ఉండేది కాదు.

"రెండు కొమ్ములూ ఒకే మందం ఉండాలి, కొలిచి చెక్కు"

ఇది మా లెక్కల మాస్టారు ప్రేమగా ఇచ్చిన సలహా. స్కేలు కూడా ఇచ్చారు. నడుమ ఇంచున్నర వెడల్పు, అరంగుళం మందం, రెండు కొసల దాకా సమానంగా తగ్గించుకుంటూ కొలిచి కొలిచి చెక్కాను. తాడు కట్టి చూస్తే పైకొమ్ము కర్రలా నిలబడింది, కింది కొమ్ము గొడుగు పిడిలా వంగింది.

నేను మందాన్ని కొలిచానే గానీ ఆ మందంలో ఏముందో చూడలేదు. బొంగు మొదట్లో గోడ మందం, తల వైపు పలుచన. తోలు కింది గట్టి పట్టీ మాత్రం రెండు చోట్లా ఉంటుంది. కాబట్టి ఒకే మందానికి చెక్కితే తల వైపు కొమ్ములో నార పాలు ఎక్కువ, మొదలు వైపు కొమ్ములో మెత్తటి పదార్థం పాలు ఎక్కువ. స్కేలుకు రెండూ ఒకటే, వంచితే మాత్రం తేడా. తల వైపును ఇంకొంచెం పలుచన చేయాలి. ఎంత అనేది వంచి చూస్తేనే తెలుస్తుంది.

అక్కడే రెండో తప్పు చేశాను. "వంగే చోటే ఇంకాస్త తీస్తే సాఫీగా వంగుతుంది," అని పక్కింటాయన అన్నాడు. బాగా వంగుతున్న కింది కొమ్ము మధ్యలో రెండు చెక్కుళ్లు తీశాను. మందంలో పదో వంతు తీస్తే బిగువు ఇంచుమించు పావు వంతు పోతుందని, మందం సగమైతే బిగువు ఎనిమిదో వంతే మిగులుతుందని ఆ రోజు నాకు తెలియదు. మరునాటికి అక్కడ మోచేయి తేలింది. మనవైపు ముఖం మీద, సరిగ్గా ఆ మడత దగ్గర, అడ్డంగా వెంట్రుకల్లాంటి సన్న ముడతలు పడ్డాయి. అవి నలిగిపోయిన నారలు. గురివైపు పొడుగునా పెచ్చు లేస్తే సాగి తెగిందని, మనవైపు అడ్డంగా ముడత పడితే నలిగి చచ్చిందని గుర్తు. ముడత పడ్డాక ఏం చేసినా ఆ చోటు తిరిగి కోలుకోదు.

వంగే చోటును వదిలేయాలి. వంగని చోటే చెక్కాలి. ఒక చోట ఎక్కువ వంగుతోందంటే దానికి అటూ ఇటూ ఉన్నవి పని చేయడం లేదన్నమాట. వాటిని పలుచన చేస్తే ఈ చోటు మీది బరువు వాటి మీదికి పోతుంది.

"బిగువు తెలియాలంటే గట్టిగా లాగి చూడు"

ఇది అందరూ చెప్పిందే. తాడు కట్టగానే చూడవచ్చిన ప్రతివాడూ విల్లు లాక్కుని చెవి దాకా లాగేవాడు. కొత్త బద్దకు వంగడం అలవాటు లేదు. మొదటి రోజు జానెడు, కొమ్ములు రెండూ చూసుకుని, బిగుసుకున్న చోట రెండు చెక్కుళ్లు తీసి, ఓ పాతిక సార్లు మెల్లగా లాగి వదలాలి. తర్వాతే ఇంకో బెత్తెడు. బాణం లేకుండా లాగి ఒక్కసారిగా తాడు వదిలేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. బాణానికి పోవాల్సిన ఊపంతా కొమ్ముల్లోకే తిరిగొచ్చి కొడుతుంది.

నాలుగో బద్ద తాత ఇవ్వలేదు. నన్నే అటక ఎక్కి ఏరుకోమన్నాడు. నేను దించిన దాన్ని చూసి ఏమీ అనలేదు, తిరిగి పెట్టేయమని కూడా అనలేదు. మచ్చ లేని బద్ద, అయిదు కణుపులు. కొస కోసి, ఉమ్ము రాసి, చుక్కలు ఏ వైపు దగ్గరపడ్డాయో చూసుకున్నాను. తోలు వైపు తడిగుడ్డతో తుడిచి పక్కన పెట్టి, ఆ రోజంతా ఆ ముఖం మీద చేయి కూడా వేయలేదు.

తొమ్మిది రోజులు పట్టింది. ఎనిమిదో రోజు సాయంత్రం తాడు కట్టి, రాతి గోడకు ఆనించి పట్టుకున్నాను. తాత దూరంగా నిలబడి చూశాడు. దగ్గరికొచ్చి, పొయ్యి లోంచి బొగ్గుముక్క తీసి, పైకొమ్మున నాలుగో కణుపుకు కాస్త కింద వేలెడు పొడుగు గీత గీశాడు. అక్కడ వంపు లేదు, అది నాకూ కనిపించింది. "నాలుగు చెక్కుళ్లు," అన్నాడు. నేను తాడు విప్పి, కింది నుంచి కణుపు వైపు కత్తి పెట్టాను. మొదటి చెక్కుడు చుట్ట తిరిగింది. రెండోది, మూడోది. బొగ్గు గీత ఇంకా కాస్త మిగిలే ఉంది.

నాలుగోది తీయకుండా తాడు కట్టి చూశాను. రెండు కొమ్ములూ ఒకేలా దిగాయి. తాత వంక చూశాను. ఆయన అప్పటికే అరుగు మీద కూర్చుని తాడుకు కావాల్సిన తోలు బద్దను చీలుస్తున్నాడు, నా చెక్కుళ్లను కాలితో పొయ్యి వైపు తోస్తూ.